చనిపోయినవారి వాటా ఎవరికి వెళ్తోంది? ఫాలోఅప్ పేపర్లో క్యుములేటివ్ ఇన్సిడెన్స్ లెక్క

ప్రశ్న: సార్, నేను తిరుపతిలో జనరల్ సర్జరీ పీజీ చేస్తున్నాను. షుగర్ వల్ల కాలికి పుండు పడ్డ 412 మందిని 36 నెలలు ఫాలో చేశాం. 61 మందికి మేజర్ ఆంప్యుటేషన్ అయింది. కాలు పోకుండానే 97 మంది చనిపోయారు. 38 మంది మళ్ళీ దొరకలేదు. చనిపోయినవాళ్ళని సెన్సార్ చేసి కాప్లాన్-మేయర్ గీస్తే మూడేళ్ళకి ఆంప్యుటేషన్ 18 శాతం వచ్చింది. రివ్యూయర్ 'ఇది ఎక్కువ చేసి చూపిస్తోంది, కాంపిటింగ్ రిస్క్ పద్ధతిలో చెయ్యండి' అని రాశారు. ఎక్కువ ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. ఫైన్-గ్రే మోడల్ కూడా పెట్టాలా? మెథడ్స్‌లో ఏం రాయాలి?

జవాబు:

రివ్యూయర్ మాట నిజమే డాక్టర్ గారూ. అయితే ఆ 'ఎక్కువ' ఎక్కడినుంచి వచ్చిపడుతోందో ఒక్కసారి చేత్తో లెక్కేసి చూస్తే తప్ప ఒంటబట్టదు. అందుకని మీ 412 మందిని కాసేపు పక్కన పెట్టి, పది మందితో మొదలుపెడదాం. ఈ పది మందీ లెక్క తేలిగ్గా ఉండాలని నేను కల్పించినవాళ్ళు.

పది మందీ ఒకే రోజు చేరారనుకోండి. నాలుగో నెలలో ఒకరికి కాలు తీసేశారు. ఆరో నెలలో ఒకరు, తొమ్మిదో నెలలో ఇంకొకరు చనిపోయారు. పన్నెండో నెలలో రెండో ఆంప్యుటేషన్. పదిహేనులో ఒకరు, పద్దెనిమిదిలో ఒకరు పోయారు. ఇరవయ్యో నెలలో మూడో ఆంప్యుటేషన్. మిగిలిన ముగ్గురూ 24 నెలలు పూర్తిచేశారు, కాళ్ళూ బాగున్నాయి. మధ్యలో తప్పిపోయినవాళ్ళు ఎవరూ లేరు.

రెండేళ్ళలో ఎంతమందికి కాలు పోయింది? పదిలో ముగ్గురికి. 30 శాతం. దీనికి స్టాటిస్టిక్స్ అక్కర్లేదు, చేతివేళ్ళు చాలు.

ఇప్పుడు చనిపోయినవాళ్ళని సెన్సార్ చేసి కాప్లాన్-మేయర్ వేయండి. నాలుగో నెలలో పదిలో తొమ్మిది మిగిలారు, 0.9. పన్నెండో నెలకి వచ్చేసరికి ఇద్దరు పోయి ఏడుగురే ఉన్నారు కాబట్టి ఏడులో ఆరు. ఇరవయ్యో నెలకి నలుగురే ఉన్నారు కాబట్టి నాలుగులో మూడు. మూడింటినీ గుణిస్తే 0.579. ఒకటి లోంచి తీసేస్తే 42 శాతం. కళ్ళ ముందు పదిలో ముగ్గురే ఉన్నారు, పేపర్లో మాత్రం 42 శాతం అని పడుతుంది.

ఇదే తప్పుని మరణానికి కూడా చేసి చూడండి. ఆంప్యుటేషన్ అయినవాళ్ళని సెన్సార్ చేసి మరణానికి కాప్లాన్-మేయర్ వేస్తే 48 శాతం వస్తుంది. నిజానికి చనిపోయింది నలుగురు, అంటే 40. ఇప్పుడు 42, 48 కలిపి, రెండూ జరగనివాళ్ళ 30 శాతం కూడా కలపండి. 120 అవుతుంది. నూరు మందిలోంచి నూట ఇరవై మంది లెక్క తేలినట్టు! ఈ కూడిక పరీక్ష నాకు ఒకప్పుడు మా డిపార్ట్‌మెంట్ పీజీ ఒకమ్మాయి నేర్పింది. నేను అప్పటికే అచ్చయిన నా పాత పేపరు సంబరంగా చూపిస్తుంటే, అందులోని రెండు గ్రాఫుల చివరి అంకెలు కలిపి, "సార్, మీ పేషెంట్లు నూరు దాటుతున్నారు" అంది. ఆ పేపర్ని నేను ఆ తర్వాత ఎవరికీ చూపించలేదు.

ఎందుకిలా అవుతుందో 'వాటా' అనే మాటతో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. మొదట్లో పది మందికీ తలా పదో వంతు వాటా ఉంది, అంటే 10 శాతం. కాప్లాన్-మేయర్ పద్ధతిలో ఒకరు సెన్సార్ అయితే వాళ్ళ వాటా ఆ తర్వాత మిగిలినవాళ్ళకి సమానంగా పంచబడుతుంది. 1967లో ఎఫ్రాన్ చూపించిన సంగతి ఇది. తప్పిపోయినవారి విషయంలో ఈ పంపకం న్యాయమే. ఆ మనిషి ఎక్కడో బతికే ఉన్నాడు, అతనికి ఏం జరుగుతుందో తెలీదు, కాబట్టి ఇక్కడ మిగిలినవాళ్ళకి జరిగినట్టే అతనికీ జరుగుతుందని అనుకుంటున్నాం. చనిపోయినవాడి సంగతి అలా కాదు. అతనికి ఇక కాలు తీసేసే అవకాశమే లేదు. అతని వాటాని కూడా బతికున్నవాళ్ళకి పంచితే, ఆ తర్వాత జరిగే ప్రతి ఆంప్యుటేషన్‌కీ బరువు పెరుగుతుంది. పైన మూడో ఆంప్యుటేషన్ ఒక్కటే దాదాపు 19 శాతం పలికింది, ఎందుకంటే నలుగురు చచ్చిపోయినవాళ్ళ వాటాల్లో భాగం ఆ మనిషి నెత్తిన పడింది.

దీన్నే పుస్తకాల భాషలో, అక్కడ కాప్లాన్-మేయర్ చెప్పేది 'ఎవరూ చనిపోని లోకంలో ఆంప్యుటేషన్ ఎంత' అనే ప్రశ్నకి జవాబు అంటారు. అది కూడా ఆంప్యుటేషన్‌కీ మరణానికీ సంబంధం లేదనుకుంటేనే. కాలి పుండుతో సెప్సిస్ వచ్చి చనిపోయేవాళ్ళుండే వార్డులో అలా అనుకోలేం.

ఇప్పుడు సరైన లెక్క. పైన 24 నెలలు పూర్తిచేసిన ముగ్గురిలో ఒకరు పదో నెలలోనే బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారనుకోండి, ఫోన్ కూడా కలవలేదు. అతను నిజమైన సెన్సార్. అప్పటికి మిగిలినవాళ్ళు ఆరుగురు. అతని పదో వంతుని వాళ్ళకి పంచితే ఒక్కొక్కరి వాటా 10 నుంచి 11.67 శాతం అవుతుంది. పదో నెలకి ముందు జరిగినవన్నీ 10 శాతం బరువుతోనే ఉంటాయి, తర్వాత జరిగినవి 11.67 బరువుతో. ఆంప్యుటేషన్: 10, 11.67, 11.67 కలిపితే 33.3 శాతం. మరణం: 10, 10, 11.67, 11.67 కలిపితే 43.3. చివరిదాకా ఏమీ జరగకుండా ఉన్న ఇద్దరు 23.3. మొత్తం సరిగ్గా నూరు. చనిపోయినవారి వాటా ఎవరికీ వెళ్ళలేదు, మరణం ఖాతాలోనే ఉండిపోయింది. ఇదే క్యుములేటివ్ ఇన్సిడెన్స్. ఆలెన్-జోహాన్సెన్ ఎస్టిమేటర్ అనేది దీని పేరే, 1978 నాటిది. ఇదే డేటాకి మీ పాత పద్ధతి వేస్తే ఆంప్యుటేషన్ 50 శాతం వస్తుంది.

సాఫ్ట్‌వేర్లో ఇది మూడు లైన్ల పని. ఆర్ వాడేట్టయితే ఈ పది మందినే ఎక్కించి, అంకెలు కలుస్తున్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే మీ డేటా పెట్టండి.

```r
library(survival)
d <- data.frame(months = c(4,6,9,10,12,15,18,20,24,24),
                status = c(1,2,2,0,1,2,2,1,0,0))
d$ev <- factor(d$status, 0:2, c("censor","amp","death"))
fit <- survfit(Surv(months, ev) ~ 1, data = d)
summary(fit, times = c(12, 24))
```

24 నెలల వరుసలో 0.233, 0.333, 0.433 కనిపించాలి. ఇక్కడ `factor` లైను మర్చిపోతే పెద్ద ప్రమాదం ఉంది. 0, 1, 2 అంకెల్ని నేరుగా `Surv` కి ఇస్తే, అది వాటిని 1, 2 కోడింగ్ అనుకుంటుంది. అప్పుడు 2 ఈవెంట్ అయిపోతుంది, 1 సెన్సార్ అయిపోతుంది, 0 ఉన్నవాళ్ళు డేటాలోంచే ఎగిరిపోతారు. అంటే మీ ఆంప్యుటేషన్లన్నీ సెన్సార్లయి, మరణాలకి గ్రాఫ్ వస్తుంది. `Invalid status value, converted to NA` అని ఒక వార్నింగ్ మాత్రం వస్తుంది. రాత్రి పన్నెండింటికి థీసిస్ టెన్షన్‌లో ఉన్నవాళ్ళు వార్నింగులు చదవరు. స్టేటాలో `sts graph, failure` అని కొడితే వచ్చేది కూడా పాత కాప్లాన్-మేయరే, బొమ్మ పైకి ఎక్కుతోంది కదా అని అది క్యుములేటివ్ ఇన్సిడెన్స్ అనుకోవద్దు.

కోడింగ్ చేసేటప్పుడు ఇంకో మాట. ముందు ఏది జరిగితే అదే లెక్క. కాలు తీసిన రెండో రోజే పేషెంటు పోయినా అతని కోడ్ 1 మాత్రమే, 2 కాదు. మీ 97 మందిలో 'కాలు పోకుండానే' అని రాశారు కాబట్టి మీరు ఇది సరిగానే చేసినట్టుంది, అయినా మాస్టర్ షీట్లో రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి ఒకసారి సరిచూడండి. పుండు మానిపోవడాన్ని మాత్రం కాంపిటింగ్ ఈవెంట్ చేయకండి. మానిన పుండు మళ్ళీ రేగుతుంది, ఆ కాలే ఆ తర్వాత పోవచ్చు. మరణం లాగా దారి పూర్తిగా మూసేసేదే కాంపిటింగ్ ఈవెంట్.

ఇక మీ డేటాకి వద్దాం. కాగితం మీదే అంచనా వేయొచ్చు. తప్పిపోయిన 38 మందిలో ఒక్కరికీ కాలు పోలేదనుకుంటే 412లో 61, అంటే 14.8 శాతం. వాళ్ళని అసలు మొదటినుంచీ లేనట్టు తీసేస్తే 374లో 61, అంటే 16.3. మీ క్యుములేటివ్ ఇన్సిడెన్స్ సుమారుగా ఈ రెండింటి మధ్య వస్తుంది. రాకపోతే కోడింగ్‌లో ఏదో తేడా ఉందని అర్థం. మీ 18కీ దీనికీ తేడా రెండు మూడు శాతమే. 'ఇంతేనా' అనిపించొచ్చు. కానీ ఈ తేడా అన్ని గ్రూపుల్లోనూ ఒకేలా ఉండదు. చావులు ఎక్కువున్న గ్రూపులో తేడా బాగా పెరుగుతుంది. మీ పేపర్లో కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళనీ, మిగతావాళ్ళనీ పోల్చే గ్రాఫ్ ఉండే ఉంటుంది. అసలు చిక్కు అక్కడే వస్తుంది.

దానికీ ఒక లెక్క వేసి చూపిస్తాను. ఇవీ కల్పించిన అంకెలే. కిడ్నీ బాగున్న గ్రూపులో నూరు మంది-సంవత్సరాలకి 10 ఆంప్యుటేషన్లు, 8 మరణాలు అనుకుందాం. కిడ్నీ పాడైన గ్రూపులో 12 ఆంప్యుటేషన్లు, 40 మరణాలు. ఈ రేట్లు మూడేళ్ళూ మారకుండా ఉన్నాయనుకోండి. పాత పద్ధతిలో మూడేళ్ళ ఆంప్యుటేషన్: కిడ్నీ బాగున్నవాళ్ళలో 25.9 శాతం, పాడైనవాళ్ళలో 30.2. క్యుములేటివ్ ఇన్సిడెన్స్‌లో: బాగున్నవాళ్ళలో 23.2, పాడైనవాళ్ళలో 18.2. వరసే తారుమారైపోయింది!

రెండూ ఒకే డేటాలోంచి వచ్చినవే. కిడ్నీ పాడైతే కాలు పోయే వేగం పెరిగింది, ఇది నిజం. కానీ ఆ గ్రూపులో మనుషులు కాలు పోయేదాకా బతకడం లేదు, ఇదీ నిజం. మూడేళ్ళకి మీ సర్జరీ వార్డుకి ఎన్ని కృత్రిమ కాళ్ళు కావాలి అని సూపరింటెండెంట్ గారు అడిగితే 18.2 సరైన జవాబు. కిడ్నీ జబ్బు పాదానికి హాని చేస్తుందా అని అడిగితే 12 బై 10, అంటే 1.2 రెట్లు, అది సరైన జవాబు. పేపర్లో ఒక్క 18.2 మాత్రమే పెట్టి 'కిడ్నీ జబ్బు ఉంటే ఆంప్యుటేషన్ తక్కువ' అని డిస్కషన్‌లో రాస్తే, అది ఘోరం. నేను రివ్యూకి వచ్చిన పేపర్లలో ఈ వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు చూశాను.

ఫైన్-గ్రే సంగతి ఇక్కడే అర్థమవుతుంది. 1999లో వచ్చిన ఆ మోడల్ నేరుగా క్యుములేటివ్ ఇన్సిడెన్స్ మీద పనిచేస్తుంది. దానికోసం చనిపోయినవాళ్ళని కూడా రిస్క్ సెట్‌లో అలాగే ఉంచేస్తుంది. అందుకే దాన్నుంచి వచ్చే సబ్‌డిస్ట్రిబ్యూషన్ హజార్డ్ రేషియోకి 'ఇన్ని రెట్లు వేగం' అనే అర్థం ఉండదు. పై ఉదాహరణలో అది ఒకటికన్నా తక్కువ వస్తుంది, కిడ్నీ జబ్బు పాదాన్ని కాపాడినట్టు. మోడల్ తప్పు కాదు, దాన్ని చదివే పద్ధతి తప్పు. ఒక పేషెంటుకి మూడేళ్ళలో రిస్క్ ఎంత అని చెప్పే స్కోరు తయారు చేస్తుంటే ఫైన్-గ్రే వాడండి. మీది కారణాలు వెతికే పేపరు. మీకు కావాల్సింది రెండు మామూలు కాక్స్ మోడళ్ళు: ఒకటి ఆంప్యుటేషన్‌కి, ఒకటి మరణానికి. ఇక్కడినుంచి `d` అంటే ఆ పది మంది కాదు, `ckd`, `age` కాలమ్‌లు కూడా ఉన్న మీ సొంత డేటా.

```r
coxph(Surv(months, status == 1) ~ ckd + age, data = d)
coxph(Surv(months, status == 2) ~ ckd + age, data = d)
```

మొదటి లైనులో చనిపోయినవాళ్ళు సెన్సార్ అవుతున్నారు కదా, ఇందాక అది తప్పన్నారు కదా అని మీరు అడుగుతారు. కాక్స్‌లో మనం శాతం లెక్కించడం లేదు, ఆ క్షణంలో బతికున్నవాళ్ళలో వేగం ఎంత అని మాత్రమే చూస్తున్నాం. చనిపోయినవాణ్ణి ఆ తర్వాతి క్షణాల లెక్కలోంచి తీసేయడం అక్కడ సబబే. దాన్ని కాజ్-స్పెసిఫిక్ హజార్డ్ రేషియో అని పేరు పెట్టి రాయండి. దాన్ని తీసుకెళ్ళి శాతంగా మార్చినప్పుడే పైన చెప్పిన పంపకం గొడవ మొదలవుతుంది. రెండో మోడల్ని సప్లిమెంట్‌లో దాచకండి, మొదటిదాని పక్క కాలమ్‌లోనే పెట్టండి. కిడ్నీ వరుసలో ఆంప్యుటేషన్‌కి 1.2, మరణానికి 5 అని పక్కపక్కన కనిపిస్తే, గ్రాఫ్‌లో ఆ గీత కిందికి ఎందుకు ఉందో చదివేవాళ్ళకి మీరు వేరే చెప్పక్కర్లేదు.

గ్రూపుల మధ్య టెస్టు కూడా దీన్నిబట్టే ఉంటుంది. లాగ్-ర్యాంక్ పోల్చేది వేగాల్ని. క్యుములేటివ్ ఇన్సిడెన్స్ గీతల్ని పోల్చడానికి గ్రే టెస్టు ఉంది, 1988 నాటిది, `cmprsk` ప్యాకేజీలో `cuminc(d$months, d$status, d$ckd)` అంటే వచ్చేస్తుంది. గ్రాఫ్ క్యుములేటివ్ ఇన్సిడెన్స్‌ది వేసి, దాని మూల లాగ్-ర్యాంక్ పీ విలువ రాయకండి.

మెథడ్స్‌లో రాయాల్సింది ఈ వరసలో ఉంటే చాలు: 'ఔట్‌కమ్ మొదటి మేజర్ ఆంప్యుటేషన్, అంటే చీలమండ పైన తీసేసినది. దానికి ముందు ఏ కారణంతో మరణించినా కాంపిటింగ్ ఈవెంట్. కాలం మొదటి విజిట్ నుంచి లెక్కించాం. ఫాలోఅప్‌కి దొరకనివాళ్ళని చివరిసారి చూసిన తేదీ దగ్గర, మిగతావాళ్ళని 36 నెలల దగ్గర సెన్సార్ చేశాం. రెండు ఈవెంట్లకీ ఆలెన్-జోహాన్సెన్ పద్ధతిలో క్యుములేటివ్ ఇన్సిడెన్స్ లెక్కించాం, గ్రూపుల్ని గ్రే టెస్టుతో పోల్చాం. కారణాల కోసం రెండు ఈవెంట్లకీ విడివిడిగా కాజ్-స్పెసిఫిక్ కాక్స్ మోడల్ వేశాం.' దీన్ని మీ జర్నల్ ఇంగ్లీషులో పెట్టుకోండి. రిజల్ట్స్‌లో మొదటి వాక్యం శాతం కాదు, లెక్క: ఎంతమందికి ఆంప్యుటేషన్, ఎంతమంది దానికి ముందే పోయారు, ఎంతమంది తప్పిపోయారు. తర్వాత 12, 24, 36 నెలల దగ్గర రెండు ఈవెంట్ల శాతాలూ, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌తో. గ్రాఫ్‌లో రెండు ఈవెంట్లనీ ఒకదానిమీద ఒకటి పేర్చి గీస్తే బాగుంటుంది, పైన మిగిలిన ఖాళీయే ఏమీ జరగనివాళ్ళు. కింద ఎంతమంది మిగిలారో ఆ వరుస తప్పకుండా ఉండాలి.

ఆంప్యుటేషన్ గానీ మరణం గానీ, ఏది ముందైతే అది ఒకే ఈవెంట్‌గా తీసుకుని 'కాలూ ప్రాణమూ నిలిచినవాళ్ళు' అని చూపించాలనుకుంటే, దానికి కాప్లాన్-మేయర్ నిక్షేపంగా వాడొచ్చు. అక్కడ పోటీ పడేది ఇంకేమీ లేదు. పాత గ్రాఫ్ కోడ్ పారేయకుండా దానికి వాడుకోండి.

క్యుములేటివ్ ఇన్సిడెన్స్ సరిచేయలేనిది ఒకటుంది, మీ 38 మంది. తప్పిపోయినవాళ్ళు మిగిలినవాళ్ళలాంటివాళ్ళే అన్న నమ్మకం మీదే ఆ వాటా పంపకం నిలబడి ఉంది. మన చిత్తూరు వైపు పేషెంట్ల సంగతి మీకు తెలియంది కాదు. పలమనేరు, కుప్పం వైపువాళ్ళు పుండు ముదిరితే బెంగళూరు వెళ్తారు, చిత్తూరు, గుడిపాల వైపువాళ్ళు వేలూరు వెళ్తారు. 'కాలు తీయాలి' అని మీరు చెప్పిన మర్నాడే ఇంకో అభిప్రాయం కోసం వెళ్ళిపోయిన మనిషి మీ షీట్లో సెన్సార్‌గా ఉంటాడు, కాలు మాత్రం అక్కడ తీసేసి ఉంటారు. అలాంటివాళ్ళు పది మంది ఉన్నా మీ శాతం కిందికి జారినట్టే.

రివిజన్‌కి గడువుంది కదా, ఆ 38 కేస్ షీట్లు తీసి చివరి విజిట్‌లో పుండు ఏ గ్రేడ్‌లో ఉందో చూడండి. మానే దశలో ఉన్నవాళ్ళే ఎక్కువైతే పరవాలేదు. ముదిరినవాళ్ళే ఎక్కువైతే, 38 మందికీ కాలు పోయిందనుకుని ఒకసారి లెక్కేసి, 412లో 99, అంటే 24 శాతం, దాన్ని గరిష్ఠంగా లిమిటేషన్స్‌లో రాయండి. అంతకన్నా మంచి పని, కేస్ షీట్ మీద అటెండర్ నంబరు ఉంటుంది, సాయంత్రం ఆరు తర్వాత చేయండి. పగలు పొలాల్లో ఉంటారు, ఎత్తరు. ఎత్తితే అడగాల్సినవి రెండే: మనిషి ఉన్నారా, కాలు ఉందా, లేకపోతే ఏ నెలలో. పండగల్ని గుర్తుచేసి అడిగితే నెల సరిగ్గా చెప్తారు, గంగ జాతరకి ముందా తర్వాతా అంటే మన తిరుపతిలో ఎవరైనా చెప్తారు.